బంతయ్య కాదు, పెంటయ్య

నేను పనిచేసిన రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, అంటే పాత సర్కారీ కాగితాలు భద్రపరిచే ఆఫీసులో, కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు ఈ మధ్య శామీర్‌పేటలో మా ఇంటికి వచ్చారు. నా అనుభవాలు రాస్తే వాళ్లకు పనికొస్తాయన్నారు. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరి చేతి మీదుగా శాలువా కప్పించుకున్నాను లాంటివి రాస్తే ఎవరికీ పనికిరావు, నాకే విసుగు. అందుకని ఒక్క ఉత్తరం సంగతి రాస్తాను. అది నేను రిటైరయ్యాక వచ్చిన ఉత్తరం. అయినా ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నేర్చుకోనిది ఆ తొమ్మిది రోజుల్లో నేర్చుకున్నాను. నేను చేసిన తప్పు కూడా అందులోనే ఉంది. దాన్ని దాచిపెట్టి మిగతాది రాయడం నాకు చేతకాదు.

మనం అలవాటుగా చెప్పే అబద్ధం

మన ఆఫీసుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు టైపైన వాక్యం: "తమరు కోరిన రికార్డు ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు." ఇందులో సగం సార్లు నిజం ఏమిటంటే, మనం వెతకలేదు. మిగతా సగంలో సగం సార్లు, వెతకవలసిన చోట వెతకలేదు. నేనూ అలాంటి జవాబులు బోలెడు రాశాను. అవతల అడిగిన మనిషి ఆ కాగితం పట్టుకుని బస్సెక్కి ఇంటికి పోతూ ఏమనుకుని ఉంటాడో చాలా ఏళ్లు ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ రోజు శ్రీలత ఫోన్ చేసింది. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు రికార్డు విభాగం చూస్తోంది.

"సార్, ఒక ఉత్తరమొచ్చింది. వాళ్ల ముత్తాత స్కూల్ అడ్మిషన్ రికార్డు కావాల్నట. అడ్మిషన్ రిజిస్టర్లు మన దగ్గర ఉండవు గదా. ఎందుకైనా మంచిదని ఇండెక్స్ కూడా చూసిన, ఆ పేరు లేదు. లభ్యం కాలేదని రాస్తున్న. ఒకసారి మీకు చెప్దామనిపించింది."

"ఉత్తరం మొత్తం సదువు," అన్నాను.

కొంపల్లి దగ్గర ఏదో డీటీపీ సెంటర్‌లో కొట్టించిన నాలుగు వాక్యాలు. దూలపల్లి నుంచి పంతుల లావణ్య రాసింది. "మా ముత్తాత శ్రీ పెంటయ్య గారు నిజాం కాలంలో టీచరుగా పనిచేసినారు. వారు బడిలో చేరినప్పటి రికార్డు అత్యవసరంగా అవసరం. దయచేసి ఇప్పించగలరు." కింద ఫోన్ నంబరు. ఊరు లేదు, సంవత్సరం లేదు, ముత్తాత తండ్రి పేరు లేదు.

శ్రీలత చెప్పింది తప్పు కాదు. బడిలో పిల్లల్ని చేర్చుకున్న రిజిస్టర్ ఆ బడిలోనే ఉంటుంది. బడి హైస్కూలుగా పెరిగితే దానితోపాటే వెళ్తుంది, ఇంకో బడిలో కలిసిపోతే ఆ బడి బీరువాలోకి చేరుతుంది. మన దగ్గరికి వచ్చేవి విద్యాశాఖ ఫైళ్లు: నియామకాలు, బదిలీలు, తనిఖీ నివేదికలు. కానీ ఆ ఉత్తరంలో ఒక మాటను శ్రీలత చదివి వదిలేసింది. ముత్తాత టీచరు. పిల్లవాడిగా ఆయన మన దగ్గర ఉండడు గానీ, పంతులుగా ఉండవచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడు తాను చదివిన బడి సర్టిఫికెట్ నకలు పెట్టి ఉంటాడు. ఆ నకలులో బడి పేరు, దాఖలా నంబరు, అంటే అడ్మిషన్ నంబరు ఉంటాయి. అవి దొరికితే ఏ బడి బీరువా తెరవాలో తెలుస్తుంది.

"జవాబు పంపకు, ఆగు. ఆ పిల్లకు నేను ఫోన్ జేస్త," అన్నాను.

ఉత్తరంలో రాయనిది

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే అయినా చాలు: అడిగినదాన్ని కాదు, ఎందుకు అడుగుతున్నారో కనుక్కోండి. ఉత్తరం రాసేవాళ్లకు మన రికార్డుల సంగతి తెలియదు. ఎవరో చెప్పిన మాట రాస్తారు. అసలు అవసరం ఫోన్లో బయటపడుతుంది.

లావణ్య మొదట భయపడింది, ఆఫీసు నుంచి ఫోనంటే ఏదో కొర్రీ అనుకుంది. తర్వాత ఒక్కసారిగా మొత్తం చెప్పేసింది.

"సార్, నాకు గవర్నమెంట్ టీచర్ పోస్టు వచ్చింది. గంతల్నే ఎవరో కంప్లైంటు పెట్టిన్రు. మాది ఎస్సీ కాదట, దొంగ సర్టిఫికెట్ అట. ఎందుకంటే మా ఇంటిపేరు పంతుల. పంతులంటే బాపనోళ్లు గదా, మీరు మాదిగోళ్లు ఎట్లయితరు అని అడుగుతున్రు."

మన దిక్కు బడి చెప్పే ప్రతివాణ్నీ పంతులనే అంటారు. పూజ చేసే బ్రాహ్మణుణ్నీ పంతులే అంటారు. పెంటయ్య పంతులు కొడుకుని బడిలో చేర్చినప్పుడు, అక్కడెవరో ఇంటిపేరు గడిలో పంతుల అని రాసేసి ఉంటారు. అప్పట్నుంచి మూడు తరాలుగా రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, పదో తరగతి మెమోలో అదే నడిచింది. ఊళ్లో అందరికీ వాళ్లెవరో తెలుసు గనక ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఆ ఊరు వదిలి దూలపల్లికి వచ్చి చాలా కాలమైంది, తెలిసినవాళ్లు మిగల్లేదు. ఆ ముత్తాతకు ఊళ్లో దక్కిన గౌరవమే ఇప్పుడు ఈ పిల్లకు అడ్డం తిరిగింది.

జిల్లా పరిశీలన కమిటీ నోటీసిచ్చింది. పూర్వీకుల పాఠశాల ప్రవేశ రికార్డు గానీ, అలాంటి పాత ప్రభుత్వ పత్రం గానీ పదిహేను రోజుల్లో చూపించాలి. అప్పటికే ఆరు రోజులు పోయాయి. చూపించకపోతే సర్టిఫికెట్ రద్దవుతుంది, ఉద్యోగం పోతుంది. దానికన్నా ఘోరం, దొంగ సర్టిఫికెట్ పెట్టినవాళ్లన్న పేరు మిగులుతుంది.

"మీ ముత్తాత నాయిన పేరేంది? అసలు ఇంటిపేరు?"

"నాకు తెల్వది సార్. మా బాపుకు తెలుసు."

బాపు పేరు మల్లేశం, జీడిమెట్లలో ఒక ఇంజినీరింగ్ యూనిట్‌లో ఫిట్టరు. మర్నాడు పొద్దున షిఫ్టు మానుకుని శామీర్‌పేట వచ్చాడు. టీ కప్పు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"మా అసలు ఇంటిపేరు ఎర్రోళ్ల సార్. మా తాత ఎర్రోళ్ల పెంటయ్య, ఆయన నాయిన ఎల్లయ్య. మా అవ్వ చెప్పేది, తాత మేడ్చల్ దిక్కు సదువుకున్నడని. నడ్సి పోయేటోడట. ఏ బడో తెల్వది. గీ ముచ్చట మమ్మల్ని ఎన్నడు ఎవరు అడగలె సార్. ఇగ ఇప్పుడు మేమెవరమో మేమే రుజువు జేసుకోవాల్నా?"

మూడు పేర్లూ కాగితం మీద రాసుకున్నాను.

నుక్తాలు

నాకు పాత ఉర్దూ రాత నేర్పింది ఖాదర్ సాబ్. మా రికార్డు కీపరు. ఆయనకు నా మీద ఎంత ప్రేమో అంత కోపం. నిజాం కాలపు గుమాస్తాలు రాసే గొలుసుకట్టు రాతలో సగం చుక్కలు ఉండవు. ఉర్దూలో బే, పే, తే, నూన్ అనే అక్షరాలు మాట మధ్యలో పడితే ఒకే చిన్న దువ్వెన పల్లులా ఉంటాయి. ఏది ఏదో చెప్పేవి కిందా మీదా పెట్టే చుక్కలే, వాటినే నుక్తాలంటారు. "చుక్క కనబడకుంటె నీ అంతట నువ్వు పెట్టకు మియా. అనుమానం ఉంటె అనుమానమని రాయి," అనేవారు సాబ్. వంద సార్లు చెప్పారు. తొంభై తొమ్మిది సార్లు విన్నాను.

రిటైరైనవాడికి రికార్డు గదిలోకి అనుమతి లేదు, ఉండకూడదు కూడా. గుర్తింపు కార్డు చూపి, దరఖాస్తు నింపి, మామూలు పాఠకుడిలా చదివే గదిలో కూర్చున్నాను. పెన్ను బయట పెట్టించి పెన్సిల్ ఇచ్చారు. ఒకప్పుడు నేనే పెట్టించిన నియమం అది.

శ్రీలత తాలీమాత్ శాఖ ఇండెక్స్ తెచ్చింది. తాలీమాత్ అంటే విద్యాశాఖ. ముదర్రిసుల, అంటే టీచర్ల, నియామకాల జాబితా చూశాం. ఒకప్పుడు ఆ ఉర్దూ జాబితాను తెలుగులోకి ఎక్కించారు. పెంటయ్య లేడు. ఇంకోసారి చూశాం, లేడు.

మూడోసారి నేను పేర్లు చదవడం మానేసి, వాటిని మనసులో ఉర్దూలో రాసుకుంటూ పోయాను. నాలుగో పేజీలో ఆగాను. "బంతయ్య వల్ద్ ఎల్లయ్య, ముదర్రిస్." వల్ద్ అంటే కొడుకు. బంతయ్య, పెంటయ్య: ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు, చుక్కలూ ట మీది చిన్న గుర్తూ తీసేస్తే రెండూ ఒకటే రాత. బే కింద ఒక చుక్క, పే కింద మూడు. గుమాస్తా మూడు చుక్కల్ని ఒక నలకలా గీసి ఉంటే ఎవరైనా ఒక్కటే అనుకుంటారు.

ఎవరైనా కాదు, నేనే అనుకున్నాను. ఆ పేజీలో ఉన్నది నా చేతిరాత. సర్వీసులో చేరిన కొత్తలో, సాబ్ సెలవులో ఉన్నప్పుడు, పని త్వరగా ముగించి శభాష్ అనిపించుకోవాలని రాసిన పేజీ అది.

"ఎవరు రాసిన్రో గానీ..." అని శ్రీలత మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయింది.

"నేనే రాసిన. ఫైలు తెప్పియ్యి," అన్నాను.

ఎర్రగుడ్డ బస్తా వచ్చింది. అందులోంచి మిసిల్, అంటే ఫైలు, తీసి మెల్లగా విప్పింది. నియామకపు హుకుం కాగితం మీద పేరు నిండుగా, చుక్కలతో సహా ఉంది: పెంటయ్య వల్ద్ ఎల్లయ్య. నేను ఆనాడు ఫైలు తెప్పించి ఈ కాగితం చూడలేదన్నమాట, ఉర్దూ జాబితాలో కనబడింది చూసి రాసేశాను. అన్నేళ్లూ ఆ మనిషి తన పేరుతో దొరక్కుండా పోయాడు.

వెనక సర్టిఫికెట్ నకలు ఉంది. బడి పేరు చదవగలిగాం, శామీర్‌పేటకూ మేడ్చల్‌కూ మధ్య ఉన్న ఊరు. దాఖలా నంబరు ఉంది. ఖౌమ్ అనే గడి దగ్గర, అంటే కులం రాసే చోట, పురుగు తినేసింది. మాకు కావలసిన గడే.

"అయిపాయె," అంది శ్రీలత.

"కాలె. బడి దొరికింది, నంబర్ దొరికింది. ఇగ బీరువా తెర్వాలె," అన్నాను. ధైర్యం చెప్పానే గానీ నాకూ నమ్మకం లేదు.

బీరువా

ఆ ఊరి బడి ఇప్పుడు హైస్కూలు. హెడ్మాస్టరు గారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడినావిడ. మల్లేశాన్నీ, లావణ్యనూ, నన్నూ కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నారు.

"ఉర్దూ రిజిస్టర్లున్నాయండీ, ఎవరికీ చదవడం రాక అలాగే కట్ట కట్టి పెట్టాం. పారేద్దామని ఒకసారి అన్నారు, నేనే ఒప్పుకోలేదు. అడ్మిషన్ రిజిస్టరు పారేయకూడదు కదా," అన్నారావిడ.

పారేయకూడదని తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండటం మా అదృష్టం. అట్టలు ఊడిన రిజిస్టర్లు నాలుగు బల్ల మీద పెట్టించారు. పైన దాఖిల్ ఖారిజ్ అని ఉంది: చేరినవాళ్లూ, వదిలిపోయినవాళ్లూ. తేదీలన్నీ ఫస్లీ సంవత్సరాల్లో. కొందరు వీటిని హిజ్రీ అనుకుని లెక్కగట్టి దాదాపు పదేళ్లు తప్పిపోతారు. నిజాం సర్కారు ఫస్లీకి సుమారుగా 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. మేం తేదీలతో కుస్తీ పట్టలేదు, నంబరుతో పోయాం. రెండో రిజిస్టరు మధ్యలో ఆ నంబరు దొరికింది.

ఈసారి నేను తొందరపడలేదు. ఒక్కో అక్షరం భూతద్దంతో చూసి, చుక్కలు లెక్కపెట్టి, పైకి చదివాను.

"పేరు, ఎర్రోళ్ల పెంటయ్య. వల్ద్, ఎల్లయ్య. ఖౌమ్, మాదిగ."

మల్లేశం రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. లావణ్య "ఇంకోసారి సదువుండ్రి సార్" అంది. ఇంకోసారి చదివాను.

"వయసెంత రాసిన్రు సార్?" అని అడిగాడు మల్లేశం.

"పదకొండు. జమాత్ అవ్వల్, అంటే ఒకటో తరగతి."

అదే పేజీలో ఒకటో తరగతిలో చేరిన మిగతా పిల్లలంతా ఆరేళ్లవాళ్లు, ఏడేళ్లవాళ్లు. పదకొండేళ్ల వరకు ఆయన్ని ఎవరు ఆపారో, తర్వాత ఎవరు పట్టుకొచ్చి చేర్చారో రిజిస్టర్ చెప్పదు. చివరి గడిలో, బడి వదిలిన కారణం దగ్గర, ముదర్రిస్‌గా నియామకం అని రాసి ఉంది. లావణ్య ఆ వరస మీద వేలు పెట్టబోయి, పాడవుతుందని వెనక్కి తీసుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

రిజిస్టర్ బయటికి ఇవ్వరు, ఇవ్వకూడదు. హెడ్మాస్టరు గారు ఆ వరస మొత్తం నకలు తీయించి, అసలుతో సరిచూశానని రాసి సంతకం, ముద్ర వేశారు. తెలుగు అనువాదం నేను చేయకూడదు, చేసినా చెల్లదు. అధికారిక అనువాదకుడి చేత చేయించాం. ఆర్కైవ్స్ నుంచి నియామకపు ఫైలు నకలు విడిగా. గుర్తుంచుకోండి, మనం కులం ధ్రువీకరించం. ఈ నకలు మన దగ్గరున్న అసలు కాగితంతో సరిపోయిందని మాత్రమే ధ్రువీకరిస్తాం. ఆ గీత ఎన్నడూ దాటకండి.

గీత గీసి, సంతకం పెట్టి

నకలుతోపాటు ఆర్కైవ్స్ ఒక కవరింగ్ లెటర్ పంపాలి, అందులో ఇండెక్స్ నమోదు రాయాలి. అక్కడ బంతయ్య, ఫైలులో పెంటయ్య.

శ్రీలత గొంతు తగ్గించింది. "సార్, ఆ పేజీ కొత్తది రాసి పెట్టేస్తె అయిపోతది. ఎవరికి తెలుస్తది?"

నా మీద అభిమానంతో అన్న మాట. అబద్ధం ఎందుకు ఆడాలి, ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. అయినా ఆ పిల్ల మీద ఉన్న ఆరోపణే కాగితం మార్చారని. ఆ కాగితాన్ని నిలబెట్టడానికి మనం ఇంకో కాగితం మారుస్తామా? తప్పును చెరిపేయకూడదు. దాని మీద ఒకే గీత గీసి, కిందిది కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, ఎవరు ఎప్పుడు దిద్దారో సంతకం పెట్టాలి. శ్రీలత తన అధికారి అనుమతితో అలాగే చేసింది. నేను విడిగా ఒక వాంగ్మూలం రాసిచ్చాను: ఫలానా నమోదు నేను చేశాను, తప్పు చదివాను, కారణం ఇదీ.

గడువు చివరి రోజు కమిటీ ముందు కూర్చున్నాం. సభ్యుల్లో ఒకాయన కాగితాలు చాలాసేపు తిప్పారు. ఆయనకు అనుమానం రావడంలో తప్పు లేదు, ఆయన స్థానంలో ఉంటే నాకూ వచ్చేది.

"మీ ఆఫీసు జాబితాలో బంతయ్య అనుంది. ఈ పదిహేను రోజుల్లనే పెంటయ్య అయిండు. ఎట్ల నమ్మాలె?"

"జాబితా రాసింది నేనే సార్. తప్పు సదివిన. హుకుం కాగితం నకలు మీద మూడు చుక్కలున్నయి, మీరే సూడుండ్రి," అని భూతద్దం ముందుకు జరిపాను.

"ఇన్నేండ్ల సంది ఎవరు సూడలేదా?"

"ఎవరు అడగలె సార్. అడిగినోళ్లకు లేదని చెప్పి పంపినమేమో, అది గూడ నాకు తెల్వది."

ఆ మాట చెప్పేటప్పుడు లావణ్య నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే నయమనిపించింది. ఆ సభ్యుడు ఉర్దూ తెలిసిన సిబ్బందిని పిలిపించి చుక్కలు చూపించారు, బడి నకలు పక్కన పెట్టుకుని తండ్రి పేరు, దాఖలా నంబరు సరిపోల్చారు. మిగతా సభ్యులతో మాట్లాడాక, ఫిర్యాదు కొట్టివేస్తున్నట్టు రాయించారు. సర్టిఫికెట్ నిలబడింది, ఉద్యోగం నిలబడింది.

లేచి వస్తుంటే అక్కడి గుమాస్తా మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చాడు. "ఇప్పుడు రుజువు దొరికింది గదా, ఇంటిపేరు ఎర్రోళ్ల అని మార్చుకోన్రి. దరఖాస్తు నేనే రాసిస్త. లేకుంటె రేపు ఈ పిల్ల పిల్లలకు గూడ గిదే లొల్లి."

లావణ్య బాపు మొహం చూసింది. మల్లేశం ఆ నకలును మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"మార్చం సార్. పుట్టుకతోని వచ్చిన పేరైతె మారుద్దుము. ఇది మా తాత పదకొండేండ్లకు ఒకటో తరగతిల కూసోని సంపాయించిండు."